‘రేపు ఉదయం 8 నుంచి 1 గంట మధ్య వస్తాం’... ఇంగ్లండ్‌లో ఇంటి ఓనర్ నుంచి ఇలాంటి మెయిల్ వస్తే మీరేం చేయొచ్చు?

బుధవారం సాయంత్రం 6.10 గంటలు. లెస్టర్‌లో ముగ్గురు తెలుగువాళ్లు కలిసి అద్దెకుంటున్న ఇంటికి లెటింగ్ ఏజెంట్ నుంచి ఓ మెయిల్ వచ్చిందనుకుందాం. తెలుగులో చెప్పాలంటే దాని సారాంశం ఇది:

‘‘బెడ్‌రూమ్ గోడకు చెమ్మ పడుతోందని మీరు చేసిన ఫిర్యాదు విషయమై మా సర్వేయర్, ప్లంబర్ గురువారం ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 1 గంట మధ్య వస్తారు. అప్పుడే ఇల్లంతా ఒకసారి తనిఖీ చేస్తాం. మీరు ఇంట్లో ఉండాల్సిన అవసరం లేదు. లేకపోతే మా దగ్గరున్న తాళంతో లోపలికి వస్తాం. సమయం కుదరకపోతే వెంటనే తెలియజేయండి.’’

ముగ్గురిలో ఒకరికి గురువారం పది గంటలకు పరీక్ష. ఇంకొకరు కేర్ హోమ్‌లో నైట్ డ్యూటీ చేసి ఏడున్నరకు వచ్చి పడుకుంటారు. మూడో వ్యక్తి ఆఫీసుకు వెళ్లాలి. ‘‘వాళ్ల ఇల్లు, వాళ్లిష్టం. వదిలేయ్’’ అని ఒకరంటే, ‘‘చెప్పాపెట్టకుండా ఎలా వస్తారు? రావద్దని రాసేయ్’’ అని మరొకరు అంటారు.

ఈ రెండు సమాధానాలూ సరైనవి కావు. మొదటిది మీ హక్కును వదులుకోవడం. రెండోది మీరే అడిగిన మరమ్మతును మీరే ఆపుకోవడం. మధ్యలో మీకు నాలుగైదు దారులున్నాయి. అవేంటో, చట్టం ఎక్కడి వరకు మీ పక్కన నిలబడుతుందో చూద్దాం.

ఆ మెయిల్ ఆదేశమా? అభ్యర్థనా?

ఇంగ్లండ్‌లో ఇల్లు అద్దెకిచ్చాక, ఒప్పందం ఉన్నంత కాలం ఆ ఇంట్లో ఉండే హక్కు అద్దెదారుదే. యజమాని సహా ఎవరూ అనవసరంగా జోక్యం చేసుకోకుండా ప్రశాంతంగా ఉండే హక్కు మీకుంది. ఒప్పందంలో ఆ మాట రాసి లేకపోయినా అది ఉన్నట్టే లెక్క.

మరోవైపు, ఇంటి గోడలు, పైకప్పు, నీటి పైపులు, గ్యాస్, కరెంటు, హీటింగ్, వేడినీళ్ల ఏర్పాట్లు బాగుచేయించే బాధ్యత యజమానిది. 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ యాక్ట్‌లోని 11వ సెక్షన్ ఈ మాట చెబుతుంది. ఇంటి పరిస్థితి చూడటానికి యజమాని గానీ, ఆయన రాతపూర్వకంగా అధికారమిచ్చిన వ్యక్తి గానీ లోపలికి రావచ్చని కూడా అదే సెక్షన్ అంటుంది. అయితే రెండు షరతులున్నాయి. పగటిపూట సబబైన వేళలో రావాలి. కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇక పని చేయడానికి వచ్చేటప్పుడు అద్దెదారు తగిన వీలు కల్పించాలన్నది 1988 నాటి హౌసింగ్ యాక్ట్ చెప్పే మాట.

అంటే ఆ మెయిల్ ఒట్టి అభ్యర్థన కాదు. దాని వెనక చట్టం ఇచ్చిన హక్కు ఉంది. కానీ ఆ హక్కు, మీరు వద్దన్నా తాళం తీసుకుని లోపలికి రావడానికి అనుమతి కాదు. ఈ తేడా తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

24 గంటలు ఎలా లెక్కపెట్టాలి?

మన ఉదాహరణకే వద్దాం. మెయిల్ వచ్చింది బుధవారం సాయంత్రం 6.10కి. వాళ్లు రావడం మొదలయ్యేది గురువారం ఉదయం 8కి. మధ్యలో ఉన్నది 13 గంటల 50 నిమిషాలు. ఒకవేళ ప్లంబర్ ఒంటిగంటకే వచ్చినా 19 గంటలు దాటదు. కాబట్టి ఇది చాలినంత నోటీసు కాదు. సమయ పరిధి ఎప్పుడు మొదలవుతుందో అక్కడికి లెక్కపెట్టడం సురక్షితం. ఎందుకంటే ఎనిమిదింటికే తలుపు తట్టే అవకాశం ఉంది.

మెయిల్ రాతపూర్వక నోటీసు అవుతుందా అన్నది చాలామందికి వచ్చే సందేహం. మీ అద్దె ఒప్పందంలో నోటీసులు ఎలా పంపాలో చెప్పే భాగం ఉంటుంది. అందులో మీ మెయిల్ ఐడీ రాసి ఉంటే వాదించడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఫోన్‌లో చెప్పి వదిలేస్తే మాత్రం అది రాతపూర్వక నోటీసు కాదు. ‘‘ఇదే విషయం మెయిల్ చేయండి’’ అని అడగండి. ఆ మెయిల్ రేపు మీకు కూడా రుజువుగా పనికొస్తుంది.

నోటీసు సమయం చాలలేదు కాబట్టి ఒప్పుకోకూడదని కాదు. మీకు వీలైతే రెండు గంటల నోటీసుతో కూడా రమ్మనొచ్చు. వీలుకాకపోతే మాత్రం ‘‘24 గంటలు లేవు’’ అన్నది మీ చేతిలో ఉన్న బలమైన కారణం.

ఎందుకు వస్తున్నారు? ఒక మెయిల్‌లో రెండు పనులు

మెయిల్‌ను మరోసారి చదవండి. చెమ్మ చూడటం ఒకటి, ఇల్లంతా తనిఖీ చేయడం రెండోది. ఇవి వేర్వేరు పనులు. మొదటిది మీరు అడిగింది, ఆలస్యమైతే నష్టం మీకే. రెండోది మామూలుగా కొన్ని నెలలకోసారి జరిగేది, వారం ఆగినా ఏమీ కాదు. అందువల్ల ‘‘చెమ్మ ఉన్న గది చూడటానికి రండి, మిగతా తనిఖీ మరో రోజు పెట్టుకుందాం’’ అని రాసే వీలు మీకుంది.

వచ్చేది ఎవరన్నది కూడా చూడండి. సర్వేయర్ అంటే చెమ్మకు కారణం కనిపెట్టే మనిషి. తేమ కొలిచే చిన్న మీటర్‌ను గోడకు ఆనించి చూస్తాడు. పైపు లీకవుతోందా, బయట గోడ పగిలి వాననీళ్లు దిగుతున్నాయా, లేక గాలి ఆడక గది లోపలి ఆవిరే గోడ మీద నీరుగా మారుతోందా అని పరిశీలిస్తాడు. మూడోదే కారణమని తేలితే, ‘‘మీరు కిటికీలు తెరవడం లేదు, బట్టలు లోపల ఆరేస్తున్నారు’’ అని తప్పును మీ మీదకు నెట్టే వీలుంటుంది. చెమ్మ విషయంలో సర్వేయర్ వచ్చినప్పుడు మీలో ఒకరు ఇంట్లో ఉండటం అందుకే మంచిది. వాన పడిన మర్నాడే మరక పెద్దదవుతోందని చెప్పగలిగేది మీరే. తేదీలతో తీసిన ఫొటోలుంటే చూపించండి.

పంపిన మెయిల్ ఐడీ మీకు తెలిసిన ఏజెంట్‌దేనా? కొత్త ఐడీ నుంచి వస్తే, మీ ఒప్పందంలో ఉన్న ఫోన్ నంబరుకు కాల్ చేసి ఖాయం చేసుకోండి. మెయిల్‌లోనే ఇచ్చిన నంబరుకు మాత్రం చేయొద్దు.

ఐదు గంటల పరిధి ఎందుకు?

ప్లంబర్ ఒక్క మీ ఇంటికే రాడు. పొద్దున నుంచి నాలుగైదు ఇళ్లు తిరుగుతాడు. మొదటి ఇంట్లో పని అరగంటలో అవుతుందో, రెండు గంటలు పడుతుందో ముందుగా తెలియదు. అందుకే ఉదయం ఒక పరిధి, మధ్యాహ్నం ఒక పరిధి ఇస్తారు. ‘సరిగ్గా పది గంటలకే రావాలి’ అని పట్టుబడితే పని వారాల తరబడి వెనక్కి పోవచ్చు.

దీనికి బదులు, ఆ వరసలో మొదటి ఇల్లు మీదే అయ్యేలా చూడమని అడగండి. అలాగైతే రావడం ఎనిమిది, తొమ్మిది మధ్యలో ఉంటుంది. లేదా బయల్దేరే ముందు అరగంట ముందుగా ఫోన్ చేయమనండి. ఆఫీసు దగ్గరే అయితే ఆ అరగంటలో మీరు ఇంటికి చేరొచ్చు. చాలా ఏజెన్సీలు ఈ రెండింటికీ ఒప్పుకుంటాయి, ఎందుకంటే ప్లంబర్ వచ్చి తలుపు తీసేవాళ్లు లేక వెళ్లిపోతే ఖర్చు వాళ్లకే.

మీ ముందున్న దారులు

మొదటిది, సరేనని ఇంట్లో ఉండటం. రెండోది, మీరు లేకుండానే తాళంతో రావడానికి ఒప్పుకోవడం. అలా ఒప్పుకుంటే ఏ గదిలోకి రావచ్చో, ఎవరు వస్తారో మెయిల్‌లో రాయండి. పాస్‌పోర్టు, ల్యాప్‌టాప్, నగలు, డబ్బు తాళం వేసి పెట్టుకోండి. గోడ దగ్గరున్న బీరువా, మంచం జరిపి ఫొటో తీసుకోండి. రేపు ఏదైనా విరిగితే అది ముందే విరిగి ఉందా లేదా అన్న వాదన ఉండదు.

మూడోది, మీ తరఫున స్నేహితుడినో, పక్కింటివాళ్లనో ఇంట్లో ఉంచడం. వాళ్ల పేరు ఏజెంట్‌కు ముందే చెప్పండి. నాలుగోది, వేరే రోజు అడగడం. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. ‘‘గురువారం కుదరదు’’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఏజెంట్ ఫైల్‌లో అది ‘అద్దెదారు అనుమతి నిరాకరించారు’ అని నమోదవుతుంది. కుదరదన్న ప్రతిసారీ కుదిరే రెండు తేదీలు పక్కనే రాయాలి.

మన ఉదాహరణలోని ముగ్గురూ రాయదగ్గ జవాబు ఇలా ఉంటుంది. మీరు ఇంగ్లిష్‌లో రాసుకోవచ్చు:

‘‘మీ మెయిల్ బుధవారం సాయంత్రం 6.10కి అందింది. గురువారం ఉదయానికి 24 గంటల సమయం లేదు. పైగా మాలో ఒకరికి పరీక్ష, ఒకరు రాత్రి డ్యూటీ చేసి నిద్రపోతుంటారు. కాబట్టి ఆ రోజు రావద్దని, మేము లేనప్పుడు తాళంతో లోపలికి రావద్దని కోరుతున్నాం. చెమ్మ పని త్వరగా జరగాలని మేమూ కోరుకుంటున్నాం. శుక్రవారం మధ్యాహ్నం 1 నుంచి 5 మధ్య, లేదా సోమవారం ఉదయం 8 నుంచి 1 మధ్య మాలో ఒకరు ఇంట్లో ఉంటారు. ఇందులో ఏది కుదురుతుందో తెలియజేయండి. రావడానికి అరగంట ముందు ఫోన్ చేయగలరు. చెమ్మ గురించి మేము మొదట మెయిల్ చేసిన తేదీని, ఫొటోలను మళ్లీ జత చేస్తున్నాం.’’

ఈ జవాబులో నాలుగు పనులు జరిగాయి. నోటీసు ఎప్పుడు అందిందో నమోదైంది. తాళం సంగతి తేలిపోయింది. మరమ్మతుకు మీరు అడ్డుపడటం లేదని రుజువైంది. మొదటి ఫిర్యాదు తేదీ మళ్లీ గుర్తుచేశారు. నాలుగోది ముఖ్యం. ఇంటి లోపలి లోపం గురించి తెలిసినప్పటి నుంచే యజమాని బాధ్యత మొదలవుతుంది. ఆ తర్వాత సబబైన సమయంలో బాగుచేయించాలి.

వద్దన్నా తాళం తీసుకుని వస్తే?

యజమాని దగ్గర తాళం ఉండటం తప్పు కాదు. మీరు రావద్దని రాతపూర్వకంగా చెప్పాక, అత్యవసరమేమీ లేకుండా దాన్ని వాడటం తప్పు. మీరు పదేపదే అనుమతి నిరాకరిస్తుంటే ఆయన చేయాల్సింది కౌంటీ కోర్టుకు వెళ్లి ఉత్తర్వు తెచ్చుకోవడం. సొంతంగా తలుపు తీయడం కాదు.

ఒక్కసారి పొరపాటున జరిగితే మెయిల్‌లో అభ్యంతరం చెప్పి, మళ్లీ జరగదని హామీ తీసుకోండి. మాటిమాటికీ చెప్పకుండా రావడం, రాత్రిళ్లు రావడం, తనిఖీ పేరుతో వారం వారం రావడం వేరే సంగతి. మిమ్మల్ని ఇల్లు వదిలి వెళ్లేలా చేయాలన్న ఉద్దేశం అందులో ఉంటే అది 1977 నాటి ప్రొటెక్షన్ ఫ్రమ్ ఎవిక్షన్ యాక్ట్ కింద వేధింపు అవుతుంది. అది నేరం. స్థానిక కౌన్సిల్‌లో ప్రైవేటు అద్దె ఇళ్లను చూసే విభాగానికి ఫిర్యాదు చేయొచ్చు. తేదీలు, సమయాలు రాసిపెట్టుకున్న పట్టిక, మెయిల్స్ ఉంటే వాళ్లకు పని సులువవుతుంది.

మీరు ఊరికే వద్దంటూ పోతే?

దీనికీ మూల్యం ఉంది. చెమ్మ వల్ల బట్టలు పాడయ్యాయని, ఆరోగ్యం దెబ్బతిందని తర్వాత పరిహారం అడిగితే, ‘‘మేం మూడుసార్లు వస్తామన్నాం, రానివ్వలేదు’’ అని యజమాని అంటాడు. రానివ్వని కాలానికి పరిహారం దక్కడం కష్టం. చిన్న లీకు మీరు ఆపడం వల్ల పెద్దదైతే ఆ నష్టం మీ మీద పడొచ్చు. ఒప్పందం ఉల్లంఘించారంటూ ఇల్లు ఖాళీ చేయించే కేసుకు అది ఒక కారణంగా కూడా కోర్టు ముందుకు రావచ్చు. అలాంటి కేసులో ఖాళీ చేయించడం సబబా కాదా అన్నది జడ్జి చూస్తారు.

‘ఇంట్లో లేరు కాబట్టి 60 పౌండ్లు ఫైన్’ అని మెయిల్ వస్తే వెంటనే కట్టేయకండి. 2019 నాటి టెనెంట్ ఫీజ్ యాక్ట్ ప్రకారం అద్దెదారు నుంచి వసూలు చేయదగ్గ చార్జీల జాబితా చాలా చిన్నది. అపాయింట్‌మెంట్ తప్పినందుకు ఇంత అని ముందే ఖాయం చేసిన జరిమానా అందులో లేదు. కానీ మీరు ఒప్పుకున్న సమయానికి తలుపు తీయకపోవడం వల్ల ప్లంబర్‌కు ఇచ్చుకున్న డబ్బును నష్టంగా అడిగే వీలు యజమానికి ఉంటుంది. అప్పుడు బిల్లు చూపించమని అడగండి.

గ్యాస్ తనిఖీ అయితే వేరే లెక్క

బాయిలర్, గ్యాస్ స్టవ్ ఉన్న అద్దె ఇంటికి యజమాని ఏడాదికోసారి గ్యాస్ భద్రత తనిఖీ చేయించాలి. ఆ రికార్డు కాపీని 28 రోజుల్లోగా మీకివ్వాలి. కరెంటు వైరింగ్ తనిఖీ కనీసం ఐదేళ్లకోసారి. వీటికి వచ్చే మెయిల్‌ను వీలైనంత వరకు వాయిదా వేయకండి. చెడిన బాయిలర్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణం తీయగలదు. తలనొప్పి, తల తిరగడం, వికారం ఉండి, ఇంటి బయటకు వస్తే తగ్గిపోతుంటే అనుమానించాలి. గ్యాస్ తనిఖీకి కూడా తలుపు బద్దలుకొట్టి రాకూడదు. కానీ తాను ఎన్నిసార్లు ప్రయత్నించాడో యజమాని రాసిపెట్టుకుంటాడు, ఆ లెక్క మీకు వ్యతిరేకంగా నిలుస్తుంది.

వచ్చిన వ్యక్తిని గ్యాస్ సేఫ్ రిజిస్టర్ కార్డు చూపించమని అడగండి. అందులో ఫొటో, లైసెన్స్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. కార్డు వెనకవైపు ఏయే పనులకు అర్హత ఉందో రాసి ఉంటుంది. బాయిలర్ పని అందులో లేకపోతే ముట్టుకోనివ్వకండి.

నిజమైన అత్యవసరంలో 24 గంటల మాట వర్తించదు. పైపు పగిలి కింది ఇంట్లోకి నీళ్లు కారుతుంటే, మంటలు లేస్తే, గ్యాస్ వాసన వస్తే వెంటనే లోపలికి రావచ్చు. గ్యాస్ వాసన వస్తే యజమాని మెయిల్ కోసం చూడొద్దు. కిటికీలు తెరిచి, స్విచ్‌లు ముట్టుకోకుండా బయటకొచ్చి 0800 111 999కి కాల్ చేయండి. ఇది 24 గంటలూ పనిచేసే ఉచిత నంబరు. అయితే నెల క్రితం చెప్పిన చెమ్మ, ఇవాళ హఠాత్తుగా అత్యవసరం అయిపోదు.

మీరు ఒక గదే అద్దెకు తీసుకుంటే?

మన విద్యార్థుల్లో చాలామంది ఒక్కో గదికి వేర్వేరు ఒప్పందంతో ఉంటారు. అలాంటప్పుడు నోటీసు రక్షణ ప్రధానంగా మీ గదికి. వంటగది, హాలు, మెట్లలోకి యజమాని చెప్పకుండా రావడాన్ని సాధారణంగా ఆపలేరు. ముగ్గురూ ఒకే ఒప్పందం మీద సంతకం చేస్తే ఇల్లంతా మీది, అందుకే ముగ్గురి తరఫున ఒకే జవాబు పంపండి. ఒకరు సరేనని, మరొకరు వద్దని రాస్తే ఏజెంట్ తనకు నచ్చింది తీసుకుంటాడు. యజమాని అదే ఇంట్లో ఉంటూ మీకు ఒక గది ఇస్తే మీ రక్షణ బాగా తక్కువ. ఆ సందర్భంలో ఒప్పందంలో ఏం రాసుకున్నారన్నదే ముఖ్యం.

స్కాట్లాండ్‌లో ఉంటున్నవాళ్లకు ఈ గడువు 24 కాదు, సాధారణంగా 48 గంటలు. గ్లాస్గో, ఎడిన్‌బరాల్లో ఉన్నవాళ్లు అక్కడి ఒప్పందం చూసుకోవాలి.

మన దేశంలోనూ ఈ ఆలోచన కాగితం మీదకు వచ్చింది. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, మరమ్మతుకో తనిఖీకో రావాలంటే కనీసం 24 గంటల ముందు రాతపూర్వకంగా గానీ, ఎలక్ట్రానిక్ మాధ్యమంలో గానీ కారణం, రోజు, సమయం చెప్పాలంటుంది. సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత రాకూడదంటుంది. అయితే అది నమూనా మాత్రమే. రాష్ట్రం సొంత చట్టంగా చేస్తేనే అమలవుతుంది. అందుకే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒప్పందం రాసుకునేటప్పుడు ఈ ఒక్క షరతు అందులో చేర్చమని అడగొచ్చు.

ప్లంబర్ రాకపోతే?

మీరు సెలవు పెట్టి ఎదురుచూశారు. ఒంటిగంట దాటింది, ఎవరూ రాలేదు. 1.05కి ఏజెంట్‌కు మెయిల్ పంపండి. ‘‘ఉదయం 8 నుంచి 1 వరకు ఇంట్లోనే ఉన్నాం, ఎవరూ రాలేదు, ఫోన్ కూడా రాలేదు’’ అని రాసి కొత్త తేదీ అడగండి. వచ్చి తలుపు తట్టామని తర్వాత అంటే, ఆ మెయిలే మీ సమాధానం. రెండోసారీ ఇలాగే జరిగి, చెమ్మ అలాగే ఉంటే అప్పటిదాకా పోగైన మెయిల్స్ అన్నీ కలిపి కౌన్సిల్‌కు పంపండి. ఇంట్లోని ప్రమాదాలను పరిశీలించి, బాగుచేయించాలని యజమానికి నోటీసు ఇచ్చే అధికారం కౌన్సిల్‌కు ఉంది.